వార్షిక నివేదిక: జలగ పట్టినప్పుడు ఉప్పు వద్దు, గోరు చాలు

సంఘ సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది వానాకాలమంతా సంఘం ఎక్కువగా పనిచేసింది జలగల విషయంలోనే. అందుకు కారణం మనం చేసిన ఒక తప్పు. పోయిన ఏడాది ఇంటింటికీ పంచిన కాగితంలో "జలగ పట్టుకుంటే లాగకండి, ఉప్పు చల్లండి, రాలిపోతుంది" అని రాశాం. లాగొద్దన్నది సరైన మాటే. ఉప్పు చల్లమన్నది మాత్రం తప్పు. ఆ సలహాను వెనక్కి తీసుకుంటున్నామని ముందుగా చెప్పాలి.

ఉప్పు వేస్తే జలగ రాలుతుంది, నిజమే. కానీ రాలే ముందు కడుపులో ఉన్నదాన్ని గాయంలోకే కక్కే ప్రమాదం ఉంది. తాగిన రక్తం దాని కడుపులో రోజుల తరబడి నిలవ ఉంటుంది. అది అరగడానికి తోడ్పడే బ్యాక్టీరియా కూడా అక్కడే బతుకుతుంది. వాటిలో ఏరోమోనాస్ అనే రకం మనిషి గాయంలోకి చేరితే చీము పట్టిస్తుంది. ఆపరేషన్ తర్వాత రక్తం వెనక్కి పోలేక నిలిచిపోయిన చోట కొన్ని ఆసుపత్రుల్లో జలగలతో చికిత్స చేస్తారు. అక్కడ కూడా ఈ భయంతోనే రోగికి ముందుగా యాంటీబయాటిక్ ఇస్తారు. నిప్పు, అగ్గిపుల్ల, వెనిగర్, దోమల మందు వేసినా ఇదే జరగొచ్చు. నిప్పుతో అయితే చర్మం కాలడం అదనం.

మరి ఎలా తీయాలి? జలగకు రెండు చివర్లా పట్టుకునే బిళ్లలు ఉంటాయి. సన్నగా ఉన్న చివర నోరు, లావుగా ఉన్న చివర తోక. నోటి బిళ్ల లోపల మూడు చిన్న దవడలతో చర్మం కోసి రక్తం తాగుతుంది. తోక బిళ్లది పట్టుకుని నిలబడే పని. ఈ పట్టును చూపించడానికి సమావేశంలో ఒక చిన్న ప్రయోగం చేశాం. గోడకు అతుక్కునే రబ్బరు కొక్కేన్ని తడి చేసి గాజు పలకకు అంటించి, లాగమని పిల్లలకిచ్చాం. ఎంత లాగినా రాలేదు. అంచు కింద గోరు దూర్చగానే గాలి లోపలికి వెళ్లి ఊడి చేతిలోకి వచ్చింది. జలగ విషయంలోనూ అంతే. మనం లాగేకొద్దీ అది ఇంకా బిగిస్తుంది, చర్మం చిరిగి గాయం పెద్దదవుతుంది.

ముందు సన్న చివర ఎక్కడుందో చూడాలి. దాని పక్కనే చర్మాన్ని ఒక వేలితో కొద్దిగా బిగించి పట్టుకుని, రెండో చేతి గోరును చర్మానికి ఆనించి, పక్కకు నెడుతూ బిళ్ల కిందికి జరపాలి. గోరు లేకపోతే పలుచని గట్టి అట్ట అంచు చాలు. నోరు ఊడిన వెంటనే తోక బిళ్లనూ అలాగే ఊడదీసి, జలగను దూరంగా విదిలించాలి. ఆలస్యం చేస్తే అది తిరిగి మన వేలినే పట్టుకుంటుంది. చాలామంది తడబడేది ఇక్కడే. లావు చివర పెద్దగా కనిపిస్తుంది కాబట్టి ముందు దాన్ని ఊడదీస్తారు. నోరు మాత్రం తాగుతూనే ఉంటుంది. ఉప్పుతో పని ఉంటే అది తీసేసిన తర్వాతే: జలగను ఉప్పునీళ్ల డబ్బాలో వేస్తే చస్తుంది.

ఒక సంఘటన వివరంగా చెబుతాం, పేరు రాయడం లేదు. బావి దగ్గర బట్టలు ఉతికి లోపలికి వచ్చిన ఒక కోడలి చీలమండ మీద జలగ కనిపించింది. కుట్టినట్టు ఆవిడకు తెలియనే లేదు. జలగ లాలాజలం కోసిన చోట నొప్పి తెలియకుండా చేస్తుంది కాబట్టి ఇది మామూలే. అత్తగారు వంటింట్లోకి ఉప్పు కోసం పరుగెత్తారు. "వద్దు అత్తయ్యా, కూర్చోండి, నేను తీస్తాను" అని కోడలే కాలు పీట మీద పెట్టి గోరుతో ఊడదీసింది. అంతా అరనిమిషంలో అయిపోయింది.

అసలు టెన్షన్ తర్వాత మొదలైంది. రక్తం ఆగలేదు. సబ్బు, శుభ్రమైన నీళ్లతో కడిగి గుడ్డ పెట్టి నొక్కారు గానీ, ఆగిందా లేదా అని నిమిషానికోసారి గుడ్డ ఎత్తి చూశారు. ఎత్తినప్పుడల్లా మళ్లీ మొదలైంది. మన కార్యకర్త వెళ్లి కాలు దిండు మీద ఎత్తుగా పెట్టించి, గుడ్డ మడిచి, గడియారం చూస్తూ 15 నిమిషాలు ఎత్తకుండా నొక్కి పట్టుకున్నారు. తగ్గింది. కట్టు కట్టాక కూడా రాత్రి వరకు కొద్దికొద్దిగా ఊరుతూనే ఉంది. పొద్దున్నకు ఆగింది. రక్తం గడ్డకట్టకుండా ఆపే హిరుడిన్ అనే పదార్థం జలగ లాలాజలంలో ఉంటుంది. జలగ పోయినా ఆ ప్రభావం గంటల తరబడి ఉంటుంది. ఒక జలగ తాగేది సాధారణంగా 5 నుంచి 15 మిల్లీలీటర్లే, తర్వాత కారేది అంతకంటే ఎక్కువగా అనిపిస్తుంది. గాయంలో ఏ పొడీ అద్దకండి. రక్తం ఆగడం అటుంచి, కడగాల్సిన మురికి పెరుగుతుంది.

నాలుగైదు రోజులు దురద పెడుతుంది, అది మామూలే. గోకితే పుండవుతుంది. ఎర్రదనం చుట్టూ పాకుతున్నా, వాపు, వేడి, చీము, జ్వరం వచ్చినా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు ఉన్నవాళ్లు ఒక్క జలగ పట్టినా ఆగకుండా చూపించుకోవాలి. టెటనస్ ఇంజక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు లేకపోతే అదీ అడగండి.

గోరు పద్ధతి పనికిరాని సందర్భం ఒకటి ఉంది. బావి నీళ్లు వడగట్టకుండా తాగినా, వాగులో మొహం పెట్టి తాగినా దారంలాంటి పిల్ల జలగ ముక్కులోకో గొంతులోకో చేరి అక్కడే పెరగొచ్చు. ఒకే ముక్కుపుటం నుంచి పదేపదే రక్తం రావడం, లోపల ఏదో కదిలినట్టు అనిపించడం, ఉమ్మిలో రక్తం కనిపించడం దాని గుర్తులు. పిల్లల్లో దీన్ని వేడి చేసిందని తీసిపారేస్తుంటారు. ఇంట్లో తీయడానికి ప్రయత్నించకండి. డాక్టర్లు మత్తు మందు వేసి పటకారుతో తీస్తారు. గొంతు బొంగురుపోయినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే బయల్దేరాలి. కంట్లో పట్టినా ఇంతే.

అందుకే ఈ ఏడాది బావి గట్ల మీద దృష్టి పెట్టాం. చేదను బురదలో వదలకుండా కొక్కేనికి తగిలించడం, చుట్టూ చప్టా పగుళ్లు పూడ్చి నీరు తిరిగి లోపలికి పోకుండా కాలువ తీయడం, తాగే నీళ్లు మడత గుడ్డతో వడగట్టి మరిగించడం మొదలయ్యాయి. నీళ్లలో క్లోరిన్ కలిపాం కదా అని వడగట్టడం మానకండి. పెరట్లో జలగకు కావాల్సింది తడి, నీడ. ఆకుల కుప్పలు, గోడకు చేర్చిన కట్టెలు, ఇటుకల దొంతర్లు తీసి నేలకు ఎండ తగలనిస్తే అక్కడ ఉండలేదు. గడప ముందు ఉప్పు గీత వేసేవాళ్లున్నారు. ఒక్క వానకు కొట్టుకుపోతుంది, చెట్ల వేళ్లు మాత్రం పాడవుతాయి.

రెండు బావుల చప్టా పని ఇంకా మిగిలింది, వానలు మొదలయ్యేలోపు పూర్తి చేయాలి. సరిదిద్దిన కాగితం ఈ నివేదికతో పాటు ఇస్తున్నాం. ఉప్పు చల్లమన్న పాత కాగితం గోడకు అంటించి ఉంటే దయచేసి తీసేసి ఇది అంటించండి.