డిశ్చార్జి చీటీలో మూడు తెలుగు వాక్యాలు కావాలి

సంపాదకులకు నమస్కారం.

గుండెపోటు వచ్చి, ఆరోగ్యశ్రీ కింద స్టెంటు వేయించుకొని ఊరికి తిరిగి వచ్చినవారి చేతిలో అయిదారు రకాల మాత్రలుంటాయి. ఏది పొద్దున, ఏది రాత్రి అన్నది చీటీలో ఉంటుంది. ఏ మాత్ర గుండెకు ఏం చేస్తుందో, ఏది ఎలాంటి ఇబ్బంది పెట్టవచ్చో మాత్రం ఉండదు. ఉన్న నాలుగు ముక్కలూ ఇంగ్లిషులోనే. కర్నూలు జిల్లాలో ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరయ్యాక, ఇప్పుడు సాయంత్రాలు బంధువుల మందుల దుకాణంలో కూర్చుంటున్నాను. ఇబ్బంది ఒక మాత్రది, నింద మరో మాత్ర మీద, చివరికి మానేసేది అన్నిటినీ. ఈ వరస అక్కడ తరచూ చూస్తున్నాను. అందుకే ఈ ఉత్తరం.

ఆదోని వైపు పల్లె నుంచి వచ్చే 56 ఏళ్ల రైతు సంగతే తీసుకోండి. స్టెంటు వేశాక ఆయనకు ఆస్ప్రిన్, క్లోపిడోగ్రెల్‌తో పాటు మెటోప్రోలాల్, రామిప్రిల్, అటోర్వాస్టాటిన్ రాశారు. నెలన్నర బాగానే గడిచింది. తర్వాత గొంతులో గిలిగింతలాగా మొదలై పొడి దగ్గు పట్టుకుంది. కఫం లేదు, జ్వరం లేదు. రాత్రిపూట మరీ ఎక్కువ. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గు సిరప్ ఇచ్చారు, తర్వాత యాంటీబయాటిక్ ఇచ్చారు. రెండు వారాలు దాటిన దగ్గు కాబట్టి కఫం పరీక్ష కూడా చేయించారు. అది సరైన పనే, క్షయ లేదని తేలింది. ఆపైన ఎవరో పెద్దమనిషి 'ఇన్ని మాత్రలు మింగితే వేడి చేయదా' అన్నారట. ఆయన అయిదూ ఆపేశారు. నాలుగో రోజుకు గుండె దడ, మెట్లెక్కితే ఛాతీలో బరువు. ఆస్పత్రికి తెచ్చేసరికి నాడి నిమిషానికి 118. అదృష్టం కొద్దీ స్టెంటు మూసుకుపోలేదు. అక్కడి డాక్టరు నాలుగు మందులను మళ్లీ మొదలుపెట్టించి, రామిప్రిల్ స్థానంలో టెల్మిసార్టాన్ రాశారు. మూడు వారాల్లో దగ్గు పోయింది. ఆ ఒక్క మార్పు మొదటి సిరప్ నాడే జరిగి ఉండవలసింది.

దగ్గుకు కారణమైన రామిప్రిల్ ఏసీఈ నిరోధకాల జాతిది. ఎనాలాప్రిల్, లిసినోప్రిల్, పెరిండోప్రిల్ దాని అన్నదమ్ములు. మందు పట్టీ మీద బ్రాండు పేరు ఏదైనా, అసలు మందు పేరు 'ప్రిల్' అని ముగిస్తే ఈ జాతే. మన ఒంట్లో యాంజియోటెన్సిన్ అనే పదార్థం రక్తనాళాలను బిగిస్తుంది, ఉప్పునూ నీటినీ ఒంట్లో నిలబెడుతుంది. దాన్ని చురుకైన రూపానికి మార్చే ఎంజైము పేరే ఏసీఈ. ఈ మాత్ర ఆ ఎంజైమును అడ్డుకుంటుంది. నాళాలు సడలుతాయి, రక్తాన్ని నెట్టడానికి గుండె పడే శ్రమ తగ్గుతుంది. గుండెపోటులో దెబ్బతిన్న కండ పల్చబడి, గుండె గది సాగిపోయే ప్రమాదం ఉంటుంది. ఆ సాగుడును నెమ్మదింపజేయడమే గుండెపోటు తర్వాత ఈ మాత్ర చేసే ముఖ్యమైన పని. బీపీ లేకపోయినా దీన్ని రాసేది అందుకే. 'నాకు బీపీ లేదు కదా, బీపీ మాత్ర ఎందుకిచ్చారు' అని దుకాణానికి వచ్చి కోప్పడేవారికి నేను చెప్పే జవాబు కూడా అదే.

అయితే ఆ ఎంజైముకు ఇంకో పని కూడా ఉంది. బ్రాడికైనిన్ అనే మరో పదార్థాన్ని అది విరగ్గొడుతుంది. ఎంజైము ఆగిపోతే బ్రాడికైనిన్ పేరుకుంటుంది, గొంతులోని నరాలను రేపుతుంది. పది మందిలో సుమారు ఒకరికి ఈ దగ్గు వస్తుంది, ఆడవాళ్లలో ఇంకాస్త ఎక్కువ. ఈ జాతిలో నోటి ద్వారా తీసుకునే మొదటి మందు కాప్టోప్రిల్. దాన్ని తయారు చేయడానికి దారి చూపింది బ్రెజిల్ అడవుల్లోని ఒక పింజర జాతి పాము విషం. 1981లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. ఆ పాము కాటు పడినవారి రక్తపోటు ఎందుకు పడిపోతుందో వెతుకుతూ వెళ్లినవారికి ఎదురైంది కూడా ఈ బ్రాడికైనినే. అంటే దగ్గు ఈ మందుకు పుట్టుకతో వచ్చిన గుణం. సిరప్ ఎన్ని సీసాలు తాగినా అది పోదు. మాత్ర మారిస్తే పోతుంది, సాధారణంగా ఒకటి నుంచి నాలుగు వారాల్లో, కొందరికి మరికొంత ఆలస్యంగా. టెల్మిసార్టాన్, లోసార్టాన్ వంటివి యాంజియోటెన్సిన్ పనిచేసే చోటనే అడ్డుపడతాయి, బ్రాడికైనిన్ జోలికి పోవు. కాబట్టి వాటితో ఈ దగ్గు అరుదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. గుండె జబ్బున్నవారి దగ్గు అంతా మాత్ర వల్లే అనుకోకూడదు. పడుకోగానే ఆయాసం, కాళ్లకు నీరు, నురగతో కూడిన కఫం ఉంటే గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నట్టు అనుమానించాలి. అప్పుడు ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పోవాలి. పెదవులు, నాలుక, ముఖం వాచాయంటే అది ఇదే మాత్ర వల్ల అరుదుగా వచ్చే ప్రమాదం. వెంటనే 108కి ఫోన్ చేయాలి, ఆ తర్వాత 'ప్రిల్' జాతి మందు ఏదీ జన్మలో ముట్టకూడదు. మన రాయలసీమ ఎండల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మే నెలలో వాంతులు, విరేచనాలు పట్టుకొని ఒంట్లో నీరు పోయినప్పుడు ఈ మాత్ర వేసుకుంటూ, పైగా ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్ సూది కూడా పొడిపించుకుంటే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. అలాంటి రోజున డాక్టరును అడిగితే రెండు మూడు రోజులు దీన్ని నిలిపి ఉంచమని చెప్పవచ్చు. మాత్ర మొదలుపెట్టిన ఒకటి రెండు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు చేయించేది కూడా మూత్రపిండాల తీరు చూడడానికే.

ఇక ఆ రైతుకు నాలుగో రోజున వచ్చిన దడ. అది మెటోప్రోలాల్‌ను హఠాత్తుగా ఆపినందువల్ల. ఇది బీటా బ్లాకర్. అటెనోలాల్, బిసోప్రోలాల్, కార్వెడిలాల్ కూడా ఇవే, పేరు చివర 'లాల్' ఉంటుంది. భయంలో, శ్రమలో ఒంట్లో ఊరే అడ్రినలిన్ గుండె కణాల మీద ఉండే బీటా గ్రాహకాలను తాకి గుండెను పరుగెత్తిస్తుంది. ఈ మాత్ర ఆ గ్రాహకాలను కప్పేస్తుంది. గుండె నిదానంగా, తక్కువ బలంతో కొట్టుకుంటుంది కాబట్టి దానికి కావలసిన ఆక్సిజన్ తగ్గుతుంది. రెండు కొట్టుకోవడాల మధ్య విరామం పెరుగుతుంది. గుండె కండకు సొంతంగా రక్తం అందేది ఎక్కువగా ఆ విరామంలోనే. కానీ గ్రాహకాలు కప్పబడి ఉన్నకొద్దీ కణాలు కొత్తవి తయారు చేసుకుంటాయి. మాత్ర ఒక్కసారిగా మానేస్తే అవన్నీ తెరుచుకుని ఉంటాయి, మామూలు అడ్రినలిన్‌కే గుండె ఎగిసిపడుతుంది. నొప్పి తిరగబెట్టవచ్చు, మళ్లీ గుండెపోటు కూడా రావచ్చు. మానవలసి వస్తే డాక్టరు ఒకటి రెండు వారాల మీద మోతాదు తగ్గిస్తూ మాన్పిస్తారు. రక్తం గడ్డకట్టకుండా చూసే ఆస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ మానేస్తే జరిగేది ఇంకా ఘోరం, కొత్త స్టెంటులో గడ్డ కట్టవచ్చు.

బీటా బ్లాకర్‌తో రోగి గమనించేవి నీరసం, చేతులూ కాళ్లూ చల్లబడటం, లేచి నిలబడితే కళ్లు తిరగడం, కొందరికి పిచ్చి కలలు. మగవాళ్లు కొందరు పడక సంబంధమైన ఇబ్బంది గురించి చెప్పుకోలేక గుట్టుగా మాత్ర మానేస్తారు. డాక్టరుకు చెబితే మోతాదో మందో మార్చవచ్చు. నాడి 55, 60 మధ్య ఉంటే కంగారుపడనక్కరలేదు, మాత్ర చేయవలసిన పనే అది. 50 కంటే తగ్గి కళ్లు తిరుగుతుంటే మాత్రం చూపించుకోవాలి. మణికట్టు దగ్గర వేలు పెట్టి నిమిషం పాటు లెక్కపెట్టడం ఎవరైనా నేర్చుకోవచ్చు. చక్కెర జబ్బుకు మందు వాడేవారు ఇంకొకటి తెలుసుకోవాలి. చక్కెర పడిపోయినప్పుడు వచ్చే దడ, వణుకు ఈ మాత్ర వల్ల బయటపడవు. చెమట మాత్రం పడుతుంది, దాన్నే గుర్తు పెట్టుకోవాలి. ఉబ్బసం ఉన్నవారు ముందే డాక్టరుకు చెప్పాలి.

అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ నేరుగా గుండె మీద పనిచేయవు. కాలేయం కొలెస్ట్రాల్ తయారు చేసే ఎంజైమును అడ్డుకుంటాయి. కాలేయం తనకు కావలసింది రక్తంలోంచి లాక్కుంటుంది, అలా ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్ తగ్గుతుంది, నాళాల గోడల్లో పేరుకున్న కొవ్వు పాచి చిట్లి గడ్డ కట్టే అవకాశం తగ్గుతుంది. 'కొలెస్ట్రాల్ నార్మల్ వచ్చింది, ఇక మాత్ర ఎందుకు' అంటారు. నార్మల్ వచ్చిందే ఆ మాత్ర వల్ల. దీని మీద పడే నింద ఒళ్లునొప్పులు. నిజంగా స్టాటిన్ నొప్పి అయితే సాధారణంగా రెండు తొడల్లో, రెండు భుజాల్లో, మొదలుపెట్టిన కొద్ది వారాల్లో లేదా మోతాదు పెంచాక వస్తుంది. ఒక్క మోకాలిలో వచ్చే నొప్పి దీనిది కాదు. స్టాటిన్ పడక మానేసిన 60 మందికి లండన్ పరిశోధకులు కొన్ని నెలలు అసలు మాత్ర, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఏదీ లేకుండా ఇచ్చి చూశారు. స్టాటిన్‌తో పడిన బాధలో దాదాపు 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చిందని 2020లో ప్రకటించారు. బాధ అబద్ధమని దాని అర్థం కాదు, నొప్పి పుట్టించింది మందు కాకపోవచ్చని అర్థం. అయితే కండరాల నొప్పితో మూత్రం నల్లటి టీ రంగుకు తిరిగితే మాత్రం మాత్ర ఆపి అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. మామూలు నొప్పులకు, కండరాలు దెబ్బతిన్నాయేమో చూసే సీకే రక్త పరీక్ష చేసి మోతాదు తగ్గించడమో, మరో స్టాటిన్‌కు మార్చడమో చేస్తారు.

జిల్లా ఆరోగ్య అధికారులను నేను కోరేది పెద్ద ఖర్చు కాదు. డిశ్చార్జి చీటీ మీద ఒక రబ్బరు ముద్ర చాలు. 'ప్రిల్ మాత్రతో పొడి దగ్గు వస్తే దగ్గు మందు కొనకండి, వచ్చి మాత్ర మార్పించుకోండి. లాల్ మాత్రను ఒక్కసారిగా ఆపకండి. స్టాటిన్‌తో ఒళ్లునొప్పులైతే చెప్పండి, మూత్రం నల్లబడితే వెంటనే రండి.' ఆర్‌ఎంపీలు, మందుల దుకాణాలవాళ్లు దగ్గు సిరప్ చేతిలో పెట్టేముందు 'గుండె మాత్రలు ఏమైనా వాడుతున్నారా' అని అడిగినా సగం పని జరుగుతుంది.

ఇంకో మాట. కోసిగి, మంత్రాలయం మండలాల నుంచి మిరప కోతలకు కుటుంబాలు గుంటూరు వైపు వలసపోయే రోజుల్లో రోగుల చేతిలో నెల మాత్రలే ఉంటున్నాయి. అక్కడ అవి అయిపోతే కొనేవారు తక్కువ, లాల్ మాత్ర ఆగిపోతుంది. వలసపోయే గుండె రోగులకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇచ్చే ఏర్పాటు బండ్లు కదలక ముందే జరగాలి.

— ఒక రిటైర్డ్ ఫార్మసిస్టు, కర్నూలు