రెండో బండి కాంక్రీటు, సగటు పేరుతో మీరిచ్చిన జవాబు గురించి

రెడీమిక్స్ కంపెనీ కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

మా మొదటి అంతస్తు స్లాబుకు మీరు పంపిన ఎం25 కాంక్రీటు, అంటే 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 25 న్యూటన్ల బలం ఇవ్వాల్సిన కాంక్రీటు గురించి రాస్తున్నాను. మాలు బాగోలేకపోవడం ఒక బాధ. దాని గురించి అడిగిన మనిషిని మీవాళ్లు పిచ్చివాణ్ణి చేసి తిప్పుతున్నారు చూడండి, అది అంతకంటే పెద్ద బాధ.

మూడు బండ్లు వచ్చాయి. ఒక్కో బండి నుంచి బలం పరీక్షకు మూడేసి క్యూబులు 7 రోజులకు, మూడేసి 28 రోజులకు మీ టెక్నీషియనే పోశాడు. 7 రోజులకు మొదటి, మూడో బండ్లకు దాదాపు 18 న్యూటన్లు వచ్చింది. రెండో బండికి 13. ఎం25కి ఆ వయసులో పదహారు, పదిహేడైనా రావాలి కదా అని మీ సేల్స్ అబ్బాయికి ఫోన్ చేస్తే, "ఫ్లైయాష్ మిక్స్ సార్, మెల్లగా ఎక్కుతుంది, 28 రోజులు ఆగండి" అన్నాడు. ఫ్లైయాష్ మెల్లగానే బలం ఇస్తుంది, కాదనను. మరి అదే మిక్స్ ఉన్న మిగతా రెండు బండ్లు ఎందుకు మెల్లగా ఎక్కలేదు? దీనికి ఆయన "నోట్ చేసుకున్నాను సార్" అన్నాడు. ఎక్కడ నోట్ చేసుకున్నాడో ఆ దేవుడికే తెలియాలి.

సరే, ఆగాం. 28 రోజుల రిపోర్టులో మొదటి బండికి 28.4, మూడో దానికి 27.6. రెండో బండి క్యూబులు మాత్రం 20.4, 21.1, 21.4 దగ్గర పగిలాయి. సగటు 21.

ఇక అక్కడి నుంచి మీ టోల్‌ఫ్రీ సంగీతం నాకు కంఠతా వచ్చేసింది. ఒకమ్మాయి "మీ ఫిర్యాదు మాకు ముఖ్యం" అని ప్లాంటుకు కలిపింది. ప్లాంటువాళ్లు క్వాలిటీ డిపార్ట్‌మెంటును అడగమన్నారు. క్వాలిటీ ఆయన, మీ సైటులో నీళ్లు సరిగ్గా పట్టలేదన్నాడు. అయ్యా, క్యూబులు ల్యాబు తొట్టిలో నానాయి, మా స్లాబు మీద కాదు! మా క్యూరింగుకూ ఆ క్యూబులకూ ఏమిటి సంబంధం? మర్నాడు మాట మార్చి, ఒక క్యూబు తేడాగా ఉండొచ్చన్నాడు. ఒక శాంపిల్లోని క్యూబు దాని సగటుకు 15 శాతం మించి అటూ ఇటూ పోతే ఆ ఫలితం చెల్లదు, నిజమే. ఇక్కడ మూడూ పక్కపక్కనే ఉన్నాయి. మూడూ కలిసి ఒకే మాట చెబుతున్నాయి.

చివరికి మెయిల్ వచ్చింది: "మూడు బండ్ల సగటు 25.7, కాబట్టి పాస్." అన్నదమ్ముల మార్కులు కలిపి, లెక్కల్లో తప్పినవాణ్ణి పై క్లాసుకు పంపినట్టుంది. కాంక్రీటుకు మన దేశ ప్రమాణం ఐఎస్ 456 మీ ఆఫీసులో లేకపోతే నేనే కొనిస్తాను. ఎం25లో ఏ ఒక్క శాంపిలూ 22కు తగ్గకూడదు. సగటు చూడాలంటే వరుసగా నాలుగు శాంపిళ్లది చూడాలి, అదీ కనీసం 28 ఉండాలి. మీ 25.7 ఏ లెక్కన పాసయిందో చెప్పండి.

రెండో బండి మాలు తూర్పు బెడ్‌రూముల మీద పడింది. మా మేస్త్రీ ఆ హద్దు ఎర్ర సుద్దతో గీసి పెట్టాడు. అక్కడ జాకీలు ఇంకా తీయలేదు, సెంట్రింగ్ అద్దె నడుస్తోంది. మీవాళ్లేమో సుత్తి పరీక్ష చేసి తేల్చేద్దామంటున్నారు. రీబౌండ్ హ్యామర్ పైపొర గట్టిదనమే చెబుతుంది. ఎక్కడ బలహీనంగా ఉందో వెతకడానికి పనికొస్తుంది గానీ, క్యూబు తప్పిందాన్ని ఒప్పు చేయదు. మా స్ట్రక్చరల్ ఇంజనీరు చూపించినచోట, ఊచలు తెగకుండా, స్లాబును తొలిచి మూడు గుండ్రటి ముక్కలు, అంటే కోర్లు తీయాలి. వాటిని క్యూబు బలానికి మార్చి చూస్తే సగటు 25లో 85 శాతం, అంటే 21.25 రావాలి. ఏ ఒక్కటీ 18.75కు తగ్గకూడదు. అదీ తప్పితే లోడ్ టెస్టు. 24 గంటలు బరువు పెట్టి, తీసేశాక మరో 24 గంటల్లో వంగినదాంట్లో 75 శాతమైనా వెనక్కి రావాలి. రాకపోతే మళ్లీ ఓసారి పెట్టి చూడాలి, అప్పుడు 80 శాతమైనా రాకపోతే బలపరచడమో, పగలగొట్టడమో.

ఇంకోటి. మొదటి, మూడో బండ్ల బ్యాచ్ షీట్లు అడిగిన వెంటనే వాట్సాప్‌లో పెట్టారు. రెండో బండిది మాత్రం "సిస్టమ్‌లో వెతుకుతున్నాం" అట. సిమెంటు ఎంత పడిందో, నీళ్లెన్ని పోశారో చెప్పే కాగితం సరిగ్గా అదొక్కటే కనపడకపోవడం ఎంత విచిత్రం!

మా నాన్నగారి ఇల్లు, మా బావమరిది గోడౌను మీ కాంక్రీటే. మా వీధిలో కనీసం ముగ్గురికి మీ నంబరు నేనే ఇచ్చాను. ఆ గౌరవమైనా ఉంచలేదు.

బ్యాచ్ షీటు పంపండి. కోర్లు మీ ల్యాబులో కాదు, నేను చెప్పిన ల్యాబులో, మీ ఖర్చుతో చేయించండి. సెంట్రింగ్ అద్దె కూడా మీదే. ఈ వారంలో కదలిక లేకపోతే క్యూబు రిపోర్టులు, మీ మెయిలు పట్టుకుని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. కోర్ల రిపోర్టు చేతికొచ్చేదాకా మిగిలిన బిల్లులో పైసా కూడా ఇవ్వను. వసూలుకు ఫోన్ చేసే అబ్బాయికి ఈ సంగతి ముందే చెప్పండి. విచిత్రంగా అతనొక్కడే ఠంచనుగా ఫోన్ చేస్తున్నాడు.

ఇట్లు,
మీ పాత కస్టమరు