షేర్డ్ ఫోల్డర్‌లోకి నేరుగా స్కాన్ అవుతుందని అమ్మిన నెట్‌వర్క్ స్కానర్‌పై ఫిర్యాదు

అమలాపురం,
డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా

సేవా విభాగం మేనేజరు గారికి,

విషయం: మీ నెట్‌వర్క్ స్కానర్ మా నెట్‌వర్క్ స్టోరేజీ పెట్టె, అంటే నాస్‌లోని ఫోల్డర్‌లోకి ఫైళ్లు పంపలేకపోవడం, దానికి మీ సిబ్బంది చెప్పిన పరిష్కారం ఒప్పుకోదగ్గది కాకపోవడం గురించి.

అయ్యా,

మా నాన్నగారు ఇక్కడ దస్తావేజు లేఖరి. ఆ ఆఫీసులో కంప్యూటర్ల పనంతా నేను చూస్తాను. మా దగ్గరికి వచ్చే పార్టీలు క్రయ దస్తావేజులు, భాగపరిష్కారాలు, దాన పత్రాలు, వాటి వెనకున్న లింకు దస్తావేజులు తెస్తారు. వాటిని స్కాన్ చేసి, ఒరిజినల్స్ అదే పూట తిరిగి ఇచ్చేస్తాం. కోనసీమలో కాగితం సంగతి మీకు వేరే చెప్పాలా? 1986 వరదల్లో, 1996 నవంబరు తుఫానులో తడిసి ఆరిన కాగితాలు ఇప్పటికీ మా బల్ల మీదికి వస్తుంటాయి. అందుకే స్కాన్ అయిన ప్రతి ఫైలూ ఏదో ఒక కంప్యూటర్లో ఉండిపోకుండా నేరుగా నాస్‌లోకి వెళ్లాలనుకున్నాం. రోజూ బ్యాకప్ జరిగేది నాస్‌కే. మీ స్కానర్ కొన్నది సరిగ్గా ఆ పని కోసమే. మీ బ్రోచర్‌లో ‘స్కాన్ టు షేర్డ్ ఫోల్డర్’ అని పెద్ద అక్షరాలతో ఉంది. నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పద్ధతి అయిన ఎస్‌ఎంబీలో ఏ తరంతో పని చేస్తుందో మాత్రం ఎక్కడా లేదు.

మిషన్ బిగించిన రోజు నుంచీ అది నాస్‌లోకి ఒక్క పేజీ కూడా పంపలేదు. ప్యానెల్ మీద వచ్చేది ‘కనెక్షన్ ఎర్రర్’ అన్న ఒకే ఒక్క మాట. పాస్‌వర్డ్ తప్పా, ఫోల్డర్ పేరు తప్పా, నాస్ దొరకలేదా, ఏదీ చెప్పదు. అందుకని ఒక్కోటీ నేనే చూసుకున్నాను. అదే యూజర్ పేరు, అదే పాస్‌వర్డ్‌తో పక్క కంప్యూటర్ నుంచి అదే ఫోల్డర్‌లో ఫైలు పెడితే పడింది. కాబట్టి అనుమతులు, పేర్లు సరిగ్గానే ఉన్నాయి. నాస్‌లో 445 పోర్టు తెరిచే ఉంది. స్కానర్, నాస్ రెండూ ఒకే స్విచ్‌లో ఉన్నాయి, మధ్యలో ఫైర్‌వాల్ లేదు. ఆ తర్వాత నాస్‌లో ఎస్‌ఎంబీని నడిపే సాంబా అనే సాఫ్ట్‌వేర్ లాగ్ స్థాయిని 3కి పెంచి, మళ్లీ స్కాన్ నొక్కి చూశాను. అసలు సంగతి అక్కడ బయటపడింది:

```
Requested protocol [NT LM 0.12]
No protocol supported !
```

మీ సాంకేతిక విభాగం వాళ్లకు ఈ రెండు లైన్లు చాలనుకుంటాను. అయినా మీ ఫీల్డ్ సిబ్బందికి అర్థం కాలేదు కాబట్టి వివరంగా రాస్తున్నాను. ఫైళ్లు పంపే ముందు స్కానర్ తనకు ఏయే తరాల ఎస్‌ఎంబీ వచ్చో నాస్‌కు ఒక జాబితా చెబుతుంది. అందులో నాస్ ఒకటి ఎంచుకోవాలి. మీ స్కానర్ పంపిన జాబితాలో అన్నిటికంటే కొత్తది `NT LM 0.12`, అంటే ఎస్‌ఎంబీ1. రెండో తరం తెలిసిన పరికరమైతే ఆ జాబితాలో `SMB 2.002` లేదా `SMB 2.???` అని కూడా ఉండాలి. లేదంటే ఈ పాత జాబితాతో పని లేకుండా నేరుగా రెండో తరంలోనే పలకరించాలి. మీది రెండూ చేయలేదు. మా నాస్ ఎస్‌ఎంబీ2 కంటే పాతది ఒప్పుకోదు. అందుకే ‘ఇందులో నాకు పనికొచ్చేది ఏదీ లేదు’ అని చెప్పేసింది. మాట కలవలేదు కాబట్టి యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడిగే దాకా కూడా వ్యవహారం రాలేదు. మీ వాళ్లు పదేపదే ‘పాస్‌వర్డ్ ఒకసారి మార్చి చూడండి’ అనడం ఎందుకు దండగో దీన్నిబట్టి తెలుస్తుంది.

మా నాస్ మొండికేసిందని మీ టెక్నీషియన్ గారు అన్నారు. ఆ మాట నిజం కాదు. ఎస్‌ఎంబీ2 విండోస్ విస్టాతో వచ్చింది. ఎస్‌ఎంబీ3 విండోస్ 8తో 2012లో వచ్చింది. 2017 చివర్లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచే కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన కంప్యూటర్లలో ఎస్‌ఎంబీ1ను మామూలుగా పెట్టడం మానేశారు. సాంబా కూడా 2019లో వచ్చిన 4.11 నుంచి దాన్ని తన డిఫాల్ట్‌లోంచి తీసేసింది. ఇన్నేళ్ల తర్వాత కొత్త సరుకుగా అమ్మిన మిషన్‌లో పాతదొక్కటే ఉండటం మీ వైపు లోపం. దానికి మా నాస్‌ను తప్పు పట్టడం న్యాయం కాదు.

ఇప్పుడు మీ వాళ్లు చెప్పిన పరిష్కారం. ‘నాస్‌లో ఎస్‌ఎంబీ1 ఆన్ చేసేయండి, ఒక్క స్కాన్ ఫోల్డర్‌కేగా’ అన్నారు. ఒక్క ఫోల్డర్‌కి అలా చేయడం కుదరదు. సాంబాలో ఆ సెట్టింగు మొత్తం సర్వర్‌కు ఒక్కటే. ఒక అలమర తెరవడానికి వీధి తలుపు గడియ తీసి పెట్టమన్నట్టుంది ఆ సలహా. ఆన్ చేస్తే స్కాన్ ఫోల్డర్‌తో పాటు పార్టీల దస్తావేజులు, ఆధార్ కాపీలు, వీలునామాలు ఉన్న ఫోల్డర్లన్నీ ఆ పాత పద్ధతికి అందుబాటులోకి వస్తాయి. 2017 మే నెలలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు పాకింది విండోస్‌లోని ఎస్‌ఎంబీ1 లోపం పట్టుకునే. అప్పుడు మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఆ లోపం విండోస్‌ది, మా నాస్‌లో నడిచేది లినక్స్, ఆ తేడా నాకు తెలుసు. కానీ ఎస్‌ఎంబీ3లో ఉన్నట్టు దారిలో ఫైళ్లకు ఎన్‌క్రిప్షన్ రక్షణ ఎస్‌ఎంబీ1లో ఆశించలేం. అలాంటి దాన్ని ఊరివాళ్ల ఆస్తి కాగితాలున్న పెట్టెలో మళ్లీ తెరవమంటే ఎలా?

మీ టెక్నీషియన్ గారి ఎదుటే, ఖాళీ ఫోల్డర్ తప్ప ఇంకేమీ లేని ఒక పాత కంప్యూటర్లో సాంబా పెట్టి, ఎస్‌ఎంబీ1కి అనుమతి ఇచ్చి కూడా చూపించాను. అప్పుడు ఇంకో సంగతి తేలింది. మాట కలిసింది కానీ లాగిన్ దగ్గర ఆగిపోయింది. లాగ్‌లో ఈ మాట వచ్చింది:

```
NTLMv1 passwords NOT PERMITTED for user scan
```

అంటే మీ స్కానర్ పాస్‌వర్డ్‌ను నిరూపించుకునే ఎన్‌టీఎల్‌ఎం పద్ధతి కూడా మొదటి తరానిదే. కాబట్టి మీ సలహా పాటించాలంటే నాస్‌లో ఒకటి కాదు, ఈ రెండు లైన్లనూ సడలించాలి. రెండూ సర్వర్ మొత్తానికి వర్తించేవే:

```
server min protocol = SMB2_02
ntlm auth = ntlmv2-only
```

అది చూశాక ఆయన ‘అయితే పాస్‌వర్డ్ తీసేసి ఎవ్రీవన్‌కి ఫుల్ కంట్రోల్ ఇచ్చేయండి’ అన్నారు. ఆఫీసుకు వచ్చి వైఫై అడిగే ప్రతి ఒక్కరి ఫోనుకూ పార్టీల కాగితాలు అందేలా చేయమని మీ సంస్థ తరఫున ఒక మనిషి చెప్పడం నాకు నిజంగా బాధ కలిగించింది. ఆయన్ని ఏమీ అనను. ఆయన చేతికి మీరు ఇచ్చిన సమాధానాల కాగితంలో అదే రాసి ఉంది, నేను చూశాను.

దీనివల్ల రోజువారీ పనిలో కలిగే నష్టం వేరే ఉంది. మీ మిషన్ ముందు పేజీలన్నీ స్కాన్ చేసుకుని, ఆ తర్వాతే నాస్‌ను వెతుకుతుంది. కుదరకపోతే స్కాన్ చేసినదంతా పారేస్తుంది. పాత లింకు దస్తావేజు ఫీడర్‌లో పెట్టలేం. స్టాంపు కాగితం మడతల దగ్గర జల్లెడలా అయిపోయి ఉంటుంది. ఒక్కో పేజీ రెండు చేతులతో విప్పి గాజు మీద పరచాలి. మూత మెల్లగా దించాలి, తీసేటప్పుడు అంచు అంటుకోకుండా చూసుకోవాలి. చివరి పేజీ అయ్యాక ‘కనెక్షన్ ఎర్రర్’ అంటే ఆ కాగితాన్ని మళ్లీ మొదటి పేజీ నుంచి విప్పాలి. తాతలనాటి కాగితం రెండోసారి గాజు మీదికి ఎక్కుతుంటే ఎదురుగా కూర్చున్న పార్టీకీ టెన్షనే, మా నాన్నగారికీ టెన్షనే. స్కాన్ మొదలుపెట్టకముందే అవతల ఫోల్డర్ దొరుకుతోందో లేదో చూసుకోవడం ఒక మిషన్‌కు పెద్ద పనేమీ కాదు.

ప్రస్తుతానికి పని ఆగకుండా మీ స్కానర్‌లోని ఎఫ్‌టీపీ దారి వాడుతున్నాను. నాస్‌లో విడిగా ఒక ఫోల్డర్, దానికి తప్ప ఇంక దేనికీ అనుమతి లేని ఒక యూజర్. ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ దాపరికం లేకుండా వైరు మీద వెళ్తుంది కాబట్టి ఎవరికైనా దొరికినా మిగతా ఫోల్డర్ల జోలికి పోలేకుండా ఆ జాగ్రత్త. బయటి ఇంటర్నెట్ నుంచి ఆ పోర్టు మూసే ఉంది. ఫైలు వచ్చి ఐదు నిమిషాలు దాటాక నాస్ దాన్ని అసలు ఫోల్డర్‌లోకి మారుస్తుంది:

```
find /srv/scan_in -name '*.pdf' -mmin +5 \
  -exec mv -n {} /srv/dastavejulu/ \;
```

ఇంకా వస్తూ ఉన్న ఫైలును సగంలో లాగేయకుండా ఆ ఐదు నిమిషాలు. అయినా పంపుతుండగా కరెంటు పోతే సగం ఫైలే మిగిలిపోతుంది, ఐదు నిమిషాలయ్యాక అదీ అసలు ఫోల్డర్‌లోకి చేరిపోతుంది. అందుకని పీడీఎఫ్ తెరిచి చివరి పేజీ చూశాకే ఒరిజినల్ తిరిగి ఇస్తున్నాం. ఇదంతా మేము పెట్టుకున్న తాత్కాలిక ఏర్పాటు. మీ బ్రోచర్ చూసి మేము డబ్బులు ఇచ్చింది దీని కోసం కాదు.

మేము కోరేది ఇది. ఈ మోడల్‌కు ఎస్‌ఎంబీ2 లేదా 3, ఎన్‌టీఎల్‌ఎం రెండో వెర్షన్ వచ్చే ఫర్మ్‌వేర్ ఉందా లేదా అన్నది రాతపూర్వకంగా చెప్పండి. ఉంటే పంపండి, నేనే ఎక్కించుకుని పైన చెప్పిన లాగ్‌తో సరిచూస్తాను. ఆ ఫర్మ్‌వేర్ లేకపోతే, లేదా ఈ మిషన్‌కు అది సాధ్యం కాకపోతే, ఆ సౌకర్యం ఉన్న మోడల్ బదులివ్వండి, అదీ కుదరకపోతే పూర్తి సొమ్ము వాపసు చేయండి. బ్రోచర్‌లో ‘షేర్డ్ ఫోల్డర్’ పక్కన ఏ వెర్షన్‌తో పని చేస్తుందో రాయండి. మీ సిబ్బందికి ఇచ్చిన కాగితంలోంచి ఎస్‌ఎంబీ1 ఆన్ చేయించడం, ఎవ్రీవన్‌కి అనుమతి ఇప్పించడం అన్న రెండు సలహాలూ తీసేయండి. మీరు పని చేసే మిగతా ఆఫీసుల్లో ఇప్పటికే అలా తెరిపించి ఉంటే వాళ్లకు కబురు చేయండి. చాలామందికి తమ నాస్ అలా తెరిచి ఉన్న సంగతే తెలిసి ఉండదు.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తాను. ఆ తర్వాత వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాను. ఆఫీసు కోసం కొన్నది కాబట్టి మేము వినియోగదారులం కామని మీ వాళ్లు ఫోన్‌లో అన్నారు. స్వయం ఉపాధితో జీవనోపాధి కోసమే కొని, స్వయంగా వాడుకునే వస్తువును ఆ చట్టం వాణిజ్య అవసరంగా లెక్కించదు. మా నాన్నగారి జీవనోపాధి ఈ బల్లే.

లాగ్ కాపీలు, బ్రోచర్‌లోని సంబంధిత పేజీ, కొనుగోలు బిల్లు, మీ టెక్నీషియన్ గారు సంతకం చేసిన సర్వీసు రిపోర్టు దీనితో జతచేస్తున్నాను.

ఇట్లు,
దస్తావేజు లేఖరి కార్యాలయం తరఫున,
అమలాపురం