విదేశీ పార్సిల్: పన్ను ఎవరిదో డబ్బు తీసుకోకముందే చెప్పాలి

సంపాదకులకు,

ఇంట్లో తయారుచేసినవి విదేశాలకు అమ్ముకోవడం గురించి వచ్చే వ్యాసాల్లో చాలావరకు పోస్టు చౌక, కొరియర్ వేగం అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మొదటి ఆర్డరు వచ్చినవాళ్లకు అసలు టెన్షన్ అక్కడ కాదు, కస్టమ్స్ దగ్గర. అవతలి దేశంలో పన్ను ఎవరు కట్టాలో బుకింగ్ కౌంటర్లో అడిగితే తప్ప చెప్పేవాళ్లు అరుదు.

చేత్తో కుట్టిన నూలుగుడ్డ హ్యాండ్‌బ్యాగ్‌నే తీసుకుందాం. పెట్టెతో కలిపి తూకం 900 గ్రాములు. పెట్టె పొడవు 40, వెడల్పు 30, ఎత్తు 20 సెంటీమీటర్లు. పోస్టులో ఇంత పార్సిల్‌కు సాధారణంగా తూకాన్నే చూస్తారు. ఎక్స్‌ప్రెస్ కొరియర్లు ఈ మూడు కొలతలను గుణించి 5,000తో భాగిస్తాయి. అలా వచ్చేది 4.8 కిలోలు, ఛార్జీ ఆ బరువుకే. అదే బ్యాగును మడిచి 35, 28, 8 కొలతల పెట్టెలో సర్దితే లెక్క 1.6 కిలోలకు దిగుతుంది. కొరియర్ ఖరీదంటూ తిట్టుకునేవాళ్లలో సగం మంది పెట్టెలోని గాలికి డబ్బు కడుతున్నారని నా అనుమానం.

ఇక పన్ను. పోస్టులో వెళ్లిన పార్సిల్‌కు సాధారణంగా అందుకునేవాళ్లే పన్ను కట్టి తీసుకోవాలి. కస్టమ్స్‌లో ఉన్నన్నాళ్లు ట్రాకింగ్ కదలకపోవచ్చు, పార్సిల్ పోయిందని కొనుగోలుదారు కంగారుపడేది అప్పుడే. కొరియర్ అయితే తానే పన్ను కట్టేసి, దానికి తన రుసుము కలిపి కొనుగోలుదారు దగ్గర వసూలు చేస్తుంది. ఆయన కట్టనంటే పార్సిల్ వెనక్కి వస్తుంది, తిరుగు ఛార్జీ పంపినవాళ్ల ఖాతాలో పడుతుంది. పన్ను మనమే ముందుగా కట్టే డీడీపీ పద్ధతి ఉంది కానీ, బుకింగ్‌లో దాన్ని విడిగా ఎంచుకోవాలి.

చిన్న పార్సిల్‌ను ఎవరూ పట్టించుకోరన్న పాత మాట ఇక చెల్లదు. యూరోపియన్ యూనియన్ 22 యూరోల లోపు సరుకుకు ఉన్న వ్యాట్ మినహాయింపును 2021 జూలైలో తీసేసింది. 800 డాలర్ల లోపు సరుకుకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29న ఆపేసింది. ఆ మార్పుకు సిద్ధంగా లేక చాలా దేశాల తపాలా శాఖలు అమెరికాకు సరుకు పార్సిళ్లను కొంతకాలం నిలిపేశాయి కూడా.

పోస్టులో సరుకు విలువ అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్క కొలమానమైన ఎస్‌డీఆర్‌లలో 300 లోపు ఉంటే చిన్న ప్యాకెట్‌కు CN22 అనే కస్టమ్స్ ఫారం, అది దాటితే CN23 నింపాలి. కొరియర్‌కు కమర్షియల్ ఇన్‌వాయిస్ ఇస్తారు. ఏ ఫారంలోనైనా వివరం దగ్గర ‘బ్యాగ్’ అని ఒక్క మాట రాస్తే ఆపి ప్రశ్నించడానికి చోటిచ్చినట్టే. ‘నూలుగుడ్డ హ్యాండ్‌బ్యాగ్, ఒకటి’ అని ఇంగ్లీషులో రాసి, పక్కన సరుకు రకాన్ని తెలిపే అంతర్జాతీయ సంఖ్య, అంటే హెచ్‌ఎస్ కోడ్ 4202.22 వేస్తే అధికారికి పన్ను లెక్క తేలిపోతుంది. కొనుగోలుదారు బతిమాలాడని ‘గిఫ్ట్’ గడిలో టిక్ పెట్టకూడదు, ధర తగ్గించి చూపకూడదు. అది కస్టమ్స్‌కు తప్పుడు వివరం ఇవ్వడమే. పైగా పార్సిల్ పోతే పరిహారం ఆ తగ్గించిన విలువను మించి రాదు.

ఈ తలనొప్పి ఎందుకని కొందరు రీషిప్పింగ్ సంస్థలను నమ్ముకుంటారు. కొనుగోలుదారు మన దేశంలోనే ఉన్న ఒక గోదాము చిరునామా ఇస్తాడు, మనం లోకల్ పార్సిల్‌లా పంపేస్తాం, కస్టమ్స్ పని ఆ సంస్థ చూసుకుంటుంది. సుఖంగానే ఉంటుంది కానీ ఎగుమతి చేసినట్టు మన పేరు మీద కాగితం ఉండదు. మన చేతిలో మిగిలే రుజువు గోదాములో అందినట్టు మాత్రమే. వస్తువు రాలేదని ఆయన బ్యాంకుకు ఫిర్యాదు చేస్తే ఆ రుజువు నిలబడుతుందన్న భరోసా లేదు. కార్డు చిరునామా ఒక దేశానిది, డెలివరీ చిరునామా ఆ గోదాముది, ఆర్డరు ఖరీదైనది, తొందర ఎక్కువ. ఈ నాలుగూ కలిస్తే దొంగ కార్డేమోనని ఆగి చూడాలి. తెలిసిన కొనుగోలుదారుకు, నేరుగా పార్సిల్ వెళ్లని దేశానికి అయితే ఈ దారి పనికొస్తుంది. నా మట్టుకు మొదటి ఆర్డరుకు పోస్టే మేలు. తొందర ఉంటే డీడీపీతో కొరియర్.

తపాలా శాఖనూ కొరియర్ సంస్థలనూ నేను కోరేది ఒకటే. బుకింగ్ రసీదు ముద్రించే ముందు మూడు సంగతులు చూపించి సంతకం తీసుకోవాలి: ఏ బరువుకు ఛార్జీ వేస్తున్నారు, పన్ను ఎవరి వంతు, పార్సిల్ తిరిగొస్తే ఖర్చెవరిది. వీటికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు, ఉన్న ఫారంలో మూడు గడులు చాలు.

ఇట్లు,
ఒక చిన్న వ్యాపారి