శుక్రవారం నుంచి ఆదివారం వరకు దుకాణం ఉండదు: ఆ మూడు రోజులు మీకు వచ్చే జవాబు గురించి

"ఊరికి పోతే పోండ్రి గానీ అక్కా, మా జాకెట్లు ఎప్పుడిస్తరో చెప్పి పోవాలె కదా?"

మహబూబ్‌నగర్‌లోని మా కుట్టు దుకాణానికి ఎన్నో ఏళ్లుగా వస్తున్న ఒక కస్టమర్ ఇలా అడిగారు. ఆమె మాట న్యాయమైనది. అందుకే మా వాట్సాప్ నుంచి మీకు వచ్చే జవాబును ఆమె ప్రశ్నను ముందు పెట్టుకునే రాశాను:

"నమస్తే అండీ. మనవడి పుట్టువెంట్రుకలు తీయించడానికి కుటుంబమంతా శ్రీశైలం వెళ్తున్నాం. శుక్రవారం నుంచి ఆదివారం వరకు దుకాణం ఉండదు. సోమవారం ఉదయం 10 గంటలకు తెరుస్తాం. కుట్టు పూర్తయిన జాకెట్లను మా చెల్లెలు దుకాణం పైన ఉన్న మా ఇంట్లో రోజూ సాయంత్రం 5 నుంచి 7 గంటల వరకు ఇస్తుంది. దయచేసి రసీదు తీసుకొని రండి. కొత్త కొలతలు, సవరణలు సోమవారం నుంచి చూస్తాం. మీ మెసేజ్‌కు ఆ రోజే, వచ్చిన వరుసలో, నేనే జవాబు ఇస్తాను."

ప్రయాణ కారణాన్ని ఒక్క వాక్యంలోనే చెప్పాను. ఎందుకు వెళ్తున్నామో తెలిస్తే మీకు ఆత్మీయంగా ఉంటుంది, కానీ మీకు అసలు కావలసింది జాకెట్ సంగతి. శుక్రవారం వచ్చిన జవాబునే ఆదివారం రాసినవారు కూడా చదువుతారు కాబట్టి, "రేపు", "ఎల్లుండి" అని రాయకుండా వారాల పేర్లే రాశాను. "అత్యవసరమైతే ఫోన్ చేయండి" అన్న మాటను కావాలనే పెట్టలేదు. మన్ననూరు దాటి నల్లమల అడవిలోకి వెళ్లాక చాలా దూరం సిగ్నల్ సరిగా దొరకదు. ఎత్తలేని ఫోన్‌ను మీకు ఆశగా చూపించడం నాకు ఇష్టం లేదు.

వాట్సాప్ బిజినెస్‌లో ఈ జవాబును Away message అంటారు. ఫోన్‌కు ఇంటర్నెట్ ఉన్నప్పుడే అది వెళ్తుంది. అందువల్ల దుకాణం ఫోన్‌ను నాతో తీసుకెళ్లకుండా, ఇంట్లో వైఫై ఉన్న చోట ఛార్జర్‌కు పెట్టి చెల్లెలికి అప్పగిస్తున్నాను. మీరు పంపిన మెసేజ్‌కు చాలాసేపు ఒకే టిక్ కనిపిస్తే, ఇంట్లో కరెంటో నెట్టో పోయిందని అనుకోండి. అప్పుడు జవాబు కోసం ఎదురుచూడకుండా సాయంత్రం నేరుగా ఇంటికే రండి. సమయాన్ని Always send అని కాకుండా Custom schedule కింద శుక్రవారం ఉదయం నుంచి సోమవారం 10 గంటల వరకు పెట్టాను. లేకపోతే మేం తిరిగి వచ్చాక కూడా, దాన్ని ఆపేదాకా, దుకాణం లేదన్న జవాబే మీకు వస్తూ ఉంటుంది.

ఆ మూడు రోజుల్లో పెళ్లి ఉన్నవారిని మాత్రం ఈ జవాబుకు వదిలిపెట్టలేదు. వారికి నేనే ఫోన్ చేస్తున్నాను. మగ్గం పని జాకెట్లకు చంక దగ్గర బిగుతు వస్తే చివరి నిమిషంలో విప్పడం కష్టం కాబట్టి, వారు గురువారం సాయంత్రంలోగా వచ్చి ఒకసారి తొడుక్కొని చూసుకోవాలని కోరుతున్నాను.