వేయవద్దంటున్నారు సరే, ఎక్కడ ఇవ్వాలి?

సంపాదకుడికి,

పాత సెల్‌ఫోను బ్యాటరీలను చెత్తలో కలపవద్దని అధికారులు విజ్ఞప్తి చేసిన వార్త గత వారం మీ జిల్లా పేజీలో చదివాను. మరి ఎక్కడ ఇవ్వాలి? ఆ ముక్క వార్తలోనూ లేదు, కూడలిలో కట్టిన ఫ్లెక్సీ మీదా లేదు. ఫ్లెక్సీలో నాయకుల ముఖాలకు మాత్రం చోటు చాలింది.

లారీ బ్యాటరీ, ఇన్వర్టర్ బ్యాటరీ బొబ్బిలిలోనైనా రాజాంలోనైనా ఎవరూ పారేయరు. అందులోని సీసానికి కిలోల లెక్కన ధర ఉంది కాబట్టి దుకాణదారే అడిగి తీసుకుంటాడు. సెల్‌ఫోను బ్యాటరీకి ఆ గిరాకీ లేదు. పాత ఫోనులో నలభై గ్రాముల బ్యాటరీ ఉందనుకుంటే, అందులో కోబాల్ట్ ఐదు నుంచి పది గ్రాములు, లిథియం ఒక గ్రాము, రేకు రూపంలో కాస్త రాగి ఉంటాయి. ఒక టన్ను పోగవ్వాలంటే ఇలాంటివి పాతిక వేలు కావాలి. ఇంటికొకటి రెండు చొప్పున సొరుగుల్లో పడి ఉన్నవాటిని ఊరంతా కూడబెడితే తప్ప లోహాలు వెలికితీసే కర్మాగారానికి గిట్టదు.

అక్కడ ముందు బ్యాటరీలో మిగిలిన విద్యుత్తును తీసేసి, మంట పుట్టకుండా ముక్కలు చేస్తారు. జల్లెడ పడితే రాగి, అల్యూమినియం రేకులు ఒకవైపు, నల్లటి పొడి ఒకవైపు వస్తాయి. కోబాల్ట్, లిథియం ఉండేది ఆ పొడిలోనే. దాన్ని ఆమ్లంలో కరిగించి ఒక్కో లోహాన్నీ విడదీస్తారు. మన దగ్గరేమో, రాగి కోసం బ్యాటరీలను ఆరుబయట కాల్చేవారున్నారు. చేతికి దక్కేది నాలుగు రాగి రేకులు. కోబాల్ట్, లిథియం బూడిదపాలు, విషవాయువు ఇరుగుపొరుగు ఊపిరితిత్తుల పాలు. పొడి చెత్తలో పడిన బ్యాటరీ బండిలో నలిగితే లోపలి పొరలు తగులుకుని అంటుకుంటుంది. ఆ తరువాత "గుర్తు తెలియని వ్యక్తులు నిప్పు పెట్టారు" అన్న ప్రకటన సిద్ధంగా ఉంటుంది.

2022 ఆగస్టులో కేంద్రం తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు, అమ్మిన కంపెనీలే పాతవాటిని వెనక్కి తీసుకుని పునర్వినియోగానికి పంపాలంటున్నాయి. మా పట్టణంలో ఫోన్లు అమ్మే దుకాణంలో అడిగితే నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. మాటవరసకైనా ఒక తనిఖీ జరిగిందా? ఇంటి పన్ను ఒక నెల ఆలస్యమైతే మాత్రం నోటీసు గుమ్మంలోకి నడిచి వస్తుంది.

ఇప్పుడు వీధుల్లో తిరుగుతున్న విద్యుత్ ఆటోల్లో చాలావాటిది, స్కూటర్లలో కొన్నిటిది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. అందులో కోబాల్టే ఉండదు. లాభం తక్కువ కనుక వాటిని అడిగి తీసుకునేవారూ తక్కువే ఉంటారు. అవి పాతబడేలోగా ప్రతి వార్డు సచివాలయంలో ఒక ఇనుప డబ్బా, అడుగున పొడి ఇసుక, కొనలకు అతికించడానికి ఒక టేపు చుట్ట, ఉబ్బిన బ్యాటరీలకు వేరే డబ్బా పెట్టించమనండి. ఒక ఫ్లెక్సీ ఖర్చు కూడా కాదు.

— ఒక పాఠకుడు, విజయనగరం జిల్లా