ట్రే డ్రయ్యర్ ఉష్ణోగ్రత లూప్‌లోని లోపాలపై ఫిర్యాదు

సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మీరు సప్లై చేసిన ట్రే డ్రయ్యర్‌లో సెన్సర్ ఎంపిక, కేబుల్, ట్రాన్స్‌మిటర్ సెట్టింగ్ తప్పుల గురించి.

అయ్యా,

మేము ఈ డ్రయ్యర్‌ను బల్క్ డ్రగ్ తడి పొడి ఆరబెట్టడానికి తీసుకున్నాం. సెట్‌పాయింట్ 60 డిగ్రీలు. రెండు డిగ్రీలు అటూ ఇటూ మాత్రమే ఉండాలని పర్చేజ్ ఆర్డర్‌లోనే రాశాం. అయినా మీరు క్లాస్ 2 కె టైప్ థర్మోకపుల్ పెట్టి పంపారు. ఆ క్లాస్‌కు స్టాండర్డ్ ఒప్పుకునే తేడానే 2.5 డిగ్రీలు. అంటే కేబుల్ సంగతి ఎత్తకముందే మేం అడిగిన హద్దు దాటిపోయింది. "కె టైప్ వెయ్యి డిగ్రీల దాకా పనిచేస్తుంది సార్" అన్నారు మీ వాళ్లు. 900 డిగ్రీల ఫర్నేస్ అయితే నేనూ అదే పెట్టమనేవాణ్ణి. 60 డిగ్రీల దగ్గర క్లాస్ ఎ పీటీ 100 ఆర్‌టీడీకి తేడా 0.3 డిగ్రీ కూడా రాదు.

అసలు నష్టం కేబుల్‌తో మొదలైంది. డిస్‌ప్లే 60 దగ్గర కదలకుండా నిలబడి ఉన్నా, లోపల పొడి పసుపు రంగుకు తిరిగింది. రిఫరెన్స్ థర్మామీటర్ పెట్టి చూస్తే 74. సెన్సర్ హెడ్ దగ్గర రెండు టెర్మినళ్లను చిన్న వైరు ముక్కతో షార్ట్ చేశాం. కాంపెన్సేటింగ్ కేబుల్ ఉంటే అప్పుడు సెన్సర్ హెడ్ ఉష్ణోగ్రతను కంట్రోలర్ చూపాలి. హెడ్ వేడి గోడ మీద 48 డిగ్రీల్లో ఉంది, డిస్‌ప్లే మాత్రం ప్యానెల్ లోపలి 34 చూపింది. కేబుల్ తోలు తీసి చూస్తే రెండు కోర్లూ ఎర్రటి రాగే! కె టైప్ కేబుల్‌లో కనీసం ఒక కోరైనా వెండి రంగులో ఉండాలి.

రాగి వైరు వేస్తే కోల్డ్ జంక్షన్ హెడ్ దగ్గరే ఏర్పడుతుంది. కంట్రోలర్ మాత్రం అది తన టెర్మినళ్ల దగ్గరే ఉందనుకుని ప్యానెల్ ఉష్ణోగ్రత కలుపుతుంది. మధ్యలోని 14 డిగ్రీలు ఎవరి లెక్కలోనూ లేకుండా పోతాయి. రీడింగ్ తక్కువగా వస్తోంది కాబట్టి కంట్రోలర్ హీటర్‌ను ఇంకా తోసి, తప్పు అంకెను పద్ధతిగా 60 దగ్గర నిలబెడుతుంది. ట్రెండ్ చార్ట్ చూస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

ఫిర్యాదు చేస్తే మీ సర్వీస్ ఇంజనీర్ వచ్చి కంట్రోలర్‌లో 14 ఆఫ్‌సెట్ పెట్టి వెళ్లారు. మధ్యాహ్నం సరిపోయింది. రాత్రి ప్యానెల్ 24కు చల్లబడింది, హెడ్ 46 దగ్గర ఉంది. తేడా 22 అయింది, డ్రయ్యర్ లోపల 68. పూటపూటకీ మారే తేడాను ఒక్క అంకెతో సరిచేయడం ఎలా కుదురుతుంది?

గట్టిగా అడిగాక థర్మోకపుల్ తీసేసి పీటీ 100, 4-20 మిల్లీ యాంప్ ట్రాన్స్‌మిటర్ పెట్టారు. మూడు వైర్ల కనెక్షన్ సరిగ్గానే ఇచ్చారు, అది ఒప్పుకుంటాను. కానీ ట్రాన్స్‌మిటర్‌లో లీనియరైజేషన్ ఆఫ్‌లో ఉంది. కరెంట్ ఉష్ణోగ్రతను బట్టి కాక రెసిస్టెన్స్‌ను బట్టి పెరుగుతోంది. కంట్రోలర్ దాన్ని 0 నుంచి 200 డిగ్రీలకు సరళరేఖగా చదువుతోంది. ప్లాటినం రెసిస్టెన్స్ మాత్రం సరళరేఖలో పెరగదు, పైకి వెళ్లేకొద్దీ కొంచెం వంగుతుంది. సెన్సర్ విప్పి డెకేడ్ బాక్స్‌తో 60 డిగ్రీలకు సమానమైన 123.24 ఓమ్స్ ఇస్తే డిస్‌ప్లే 61.3 చూపింది. అంటే 60 అని చూపుతున్నప్పుడు లోపల ఉన్నది 58.7. మాకున్న రెండు డిగ్రీల హద్దులో 1.3 ఇక్కడే పోయింది.

దీనికి మీరిచ్చిన కాలిబ్రేషన్ సర్టిఫికెట్‌లో ఎర్రర్ సున్నా! ఎందుకంటే 0, 200 దగ్గర మాత్రమే చూశారు. ఆ సరళరేఖ వంపును కలిసేది సరిగ్గా ఆ రెండు చోట్లే. మధ్యలో ఎంత తేడా ఉన్నా ఆ రెండు పాయింట్లలో దొరకదు. మేము డ్రయ్యర్ నడిపేది 40 నుంచి 80 మధ్య.

కాబట్టి ట్రాన్స్‌మిటర్‌ను పీటీ 100 కర్వ్‌కు లీనియరైజ్ చేసి సెట్ చేయండి. కంట్రోలర్‌లో పాత ఆఫ్‌సెట్ మిగిలి ఉంటే తీసేయండి. సెన్సర్ నుంచి డిస్‌ప్లే దాకా మొత్తం లూప్‌ను 40, 60, 80 డిగ్రీల దగ్గర మా క్వాలిటీ వాళ్ల ఎదుటే కాలిబ్రేట్ చేసి, పాత సర్టిఫికెట్ రద్దు చేసి కొత్తది ఇవ్వండి. పసుపు తిరిగి రిజెక్ట్ అయిన బ్యాచ్ ఖర్చు మీరే భరించాలి, లెక్క జత చేశాను. 15 రోజుల్లో ఈ పని పూర్తి కాకపోతే మీ మిగతా బిల్లు ఆపమని మా అకౌంట్స్‌కు రాస్తాను. ఈసారి వచ్చే ఇంజనీర్‌ను డెకేడ్ బాక్స్ తెచ్చుకోమనండి.

ఇట్లు,
ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇన్‌చార్జ్